పుట్టిన పిల్లగాడు మొదటిసారి ఎన్ని గంటలకు దొడ్డికి పోయిండు?

ఈ శుక్రవారం ఇకామా రెన్యూవల్ మీద రాస్తానని చెప్పిన. అది వచ్చే వారం రాస్తా. ఈసారి పసిపిల్లల దొడ్డి గురించి రాస్తున్నా. నవ్వుకునేవాళ్లు నవ్వుకోండి కానీ చివరిదాకా చదవండి. ఇంటికాడ భార్య నెలలు నిండి ఉన్నవాళ్లు మాత్రం రెండుసార్లు చదవండి.

ఎందుకు రాయాల్సి వచ్చిందంటే, మా క్యాంపులో టైల్స్ పనిచేసే తమ్ముడికి కొడుకు పుట్టిండు. లడ్డూలు పంచుకుంట ఒక మాట అన్నడు. "మూడు రోజులు దొడ్డికి పోలేదన్నా. మా అమ్మ తమలపాకు కాడ పెట్టంగనే పటాకి పేలినట్టు పోయిండట. ఇప్పుడు మంచిగున్నడు." రూములో అందరూ నవ్విన్రు. నేను నవ్వలేకపోయిన. ఆ రాత్రే ఇంటికి ఫోన్ చేయించి, బాబును పిల్లల సర్జన్‌కు చూపెట్టమని చెప్పించిన. వాళ్లు చూపెట్టిన్రు, పరీక్షకు ముక్క తీసిన్రు, రిపోర్టు ఇంకా రాలేదు. కాబట్టి ఆ బాబు గురించి ఇంతకన్నా రాయను. నాకు పూర్తిగా తెలిసింది మా చెల్లె కొడుకు సంగతి. అది చెప్తా.

2014లో పుట్టిండు. అప్పుడు నేను జుబైల్‌లో, మా బావ రియాద్‌లో. సవా కార్డు గీకి మాట్లాడుకునే రోజులు, వీడియో కాల్ లేదు. శనివారం పొద్దున 6 గంటలకు, మన ఊరి పక్క టౌన్‌లో ఒక నర్సింగ్ హోమ్‌ల నార్మల్ డెలివరీ. బరువు 2 కిలోల 900. ఏడ్చిండు, పాలు పట్టిండు, అంతా బాగుందన్నరు. ఆదివారం మధ్యాహ్నం డిశ్చార్జ్ చేసిన్రు. అప్పటికి 30 గంటలు దాటింది. మూత్రం పోసిండు కానీ దొడ్డికి పోలేదు. ఆ సంగతి ఎవరూ అడగలేదు, ఎవరూ రాసుకోలేదు.

పుట్టిన పిల్ల మొదట పోయేది మామూలు దొడ్డి కాదు. నల్లగా, కొంచెం పచ్చగా, మన వాటర్‌ప్రూఫింగ్ తారులాగ జిగటగా ఉంటది. దాన్ని డాక్టర్లు మెకోనియం అంటరు. నెలలు నిండి పుట్టిన ఆరోగ్యమైన పిల్లలు నూటికి తొంభై మందికి పైగా 24 గంటల్లోపల అది పోతరు. 48 గంటలకల్లా దాదాపు అందరూ పోతరు. నెలలు నిండకముందు పుట్టినవాళ్లకు కొంచెం ఆలస్యం కావచ్చు, వాళ్ల లెక్క వేరు. నిండు నెలల బిడ్డ 24 గంటలు దాటినా పోలేదంటే డాక్టరు ఒకసారి చూడాలె. 48 దాటితే ఎందుకని తేల్చుకోకుండా ఇంటికి పోవద్దు. కారణాలు చాలా ఉంటయి. మలద్వారమే సరిగా ఏర్పడకపోవచ్చు, పేగు మధ్యలో మూసుకుపోయి ఉండొచ్చు, థైరాయిడ్ తక్కువ ఉండొచ్చు. మా అల్లునికి వచ్చింది ఇంకొకటి. దాని పేరు హిర్ష్‌స్ప్రంగ్ వ్యాధి. సుమారు 5,000 మంది పిల్లల్లో ఒకరికి వస్తది. ఆడపిల్లల కంటే మగపిల్లలకు నాలుగింతలు ఎక్కువ.

సోమవారం సాయంత్రానికి 60 గంటలు. కడుపు కొంచెం ఉబ్బింది. పక్కింటి పెద్దమ్మ వచ్చి తమలపాకు కాడకు ఆముదం రాసి పెట్టింది. కాడ తీయంగనే గాలి, నల్ల దొడ్డి ఒక్కసారి చిమ్మింది. ఎదురుగ ఉన్న గుడ్డ, చాప అంతా ఖరాబు. కడుపు మెత్తబడ్డది, పిల్లగాడు నిద్రపోయిండు. మా అమ్మ నాకు ఫోన్ చేసి "అయిపోయిందిరా, పోయిండు" అన్నది. అందరికీ సంతోషం.

ఈ పోస్టులో నేను చెప్పదలచింది ఇదొక్కటే. కాడ పెడితే పోయిండు కదా, జబ్బు లేదని అనుకుంటరు. తీరా చూస్తే, అట్ల చిమ్మి పోవుడే ఈ జబ్బుకు పెద్ద గుర్తు. డాక్టర్లు కూడా వేలు పెట్టి చూసి తీయంగనే గాలి, దొడ్డి చిమ్మితే అనుమానపడతరు. ఎందుకు చిమ్ముతదో అర్థం కావాలంటే పేగు ఎట్ల పనిచేస్తదో కొంచెం తెలవాలె.

మన పేగు ఉత్త పైపు కాదు. గోడలో రెండు పొరల కండ ఉంటది. ఆ పొరల నడుమ, లోపలి పొర కింద, నరాల కణాలు గుంపులు గుంపులుగా ఉంటయి. ముందు భాగం వదులు కావాలె, వెనక భాగం బిగియాలె, అట్ల బిగుసుకుంట వదులుకుంట మలాన్ని ముందుకు తోస్తయి. ఈ పని చేయించేది ఆ కణాలే. తల్లి కడుపులో బిడ్డ తయారయ్యేటప్పుడు ఆ కణాలు మెడ దగ్గర మొదలై, అన్నవాహిక, పొట్ట, చిన్నపేగు, పెద్దపేగు మీదుగా కిందికి నడుచుకుంట వస్తయి. మూడో నెల నిండేసరికి చివరిదాకా చేరాలె. మన భాషలో చెప్పాలంటే పై అంతస్తు ప్యానెల్ నుంచి కిందికి వైరు లాగుకుంట వచ్చినట్టు. హిర్ష్‌స్ప్రంగ్‌ల ఆ వైరు మధ్యలోనే ఆగిపోతది. ఎక్కడ ఆగితే అక్కడి నుంచి మలద్వారం దాకా గోడ ఉంటది, కండ ఉంటది, నరాల కణాలు ఉండవు. అందుకే లోపం ఎప్పుడూ కింది చివర నుంచే ఉంటది. ఎక్కువమంది పిల్లల్లో, నూటికి 80 మంది దాకా, చివరి కొంచెం భాగమే అట్ల ఉంటది. కొందరికి పెద్దపేగు మొత్తం.

కణాలు లేని ముక్క వదులు కాదు. ఎప్పుడూ పిడికిలి బిగించినట్టే ఉంటది. పైన మంచి పేగు తోస్తనే ఉంటది, కింద తలుపు తెరుచుకోదు. గాలి, మలం పైన నిండి ఒత్తిడి పెరుగుతది. డ్రైనేజీ లైనుకు కింద టెస్ట్ ప్లగ్గు పెట్టి నీళ్లు నింపి చూసినోళ్లకు తెలుసు, ప్లగ్గు కదిలిస్తే ఎట్ల చిమ్ముతదో. తమలపాకు కాడ అయినా, సబ్బు ముక్క అయినా, డాక్టరు వేలు అయినా ఆ బిగిసిన ముక్కను కాసేపు తెరుస్తది, అంతే. మళ్లీ మూసుకుంటది. పైగా సబ్బు లోపలి పొరను మంట పెడతది, కాడ గుచ్చుకుంటే పసిపేగుకు గాయమైతది. కానీ నాకు వాటికన్నా భయం ఏందంటే, కాడ పని చేస్తది. పనిచేసినట్టు కనపడుతది కాబట్టే రోజులు గడిచిపోతయి.

మా ఇంట్ల అట్లనే గడిచినయి. మంగళవారం ఏం లేదు. బుధవారం మళ్లీ కాడ, మళ్లీ చిమ్ముడు. గురువారం పాలు తాగుడు తగ్గింది. కడుపు మీద సన్నని నరాలు నీలంగా కనపడ్డయి, చర్మం మెరిసింది. ఒక డాక్టరు దగ్గరికి తీసుకపోతే గ్యాస్ చుక్కలు రాసిచ్చిండు. శుక్రవారం పొద్దున వాంతి. మొదట పాలే, తర్వాత పసుపు, మధ్యాహ్నానికి ఆకుపచ్చ. మనవాళ్లు "పసరు కక్కిండు" అంటరు కదా, అదే. ఈ ఒక్క మాట గుర్తు పెట్టుకోండి. పాలు కక్కుడు వేరు, పసరు కక్కుడు వేరు. పసిపిల్ల పసరు కక్కితే కారణం ఈ జబ్బైనా, పేగు మెలి పడుడైనా, గంటల్లో ఆసుపత్రికి చేర్చాల్సిన సంగతి. రేపు చూద్దాం అనేది లేదు.

అదే శుక్రవారం, ఏడో రోజు, ఊర్ల ఆశా కార్యకర్త వచ్చింది. ఆమె బరువు చూసింది, కడుపు మీద వేలితో తట్టింది, డప్పు లెక్క మోగింది. తర్వాత ఎవరూ అడగని ప్రశ్న ఆమె అడిగింది: "మొట్టమొదట దొడ్డికి పోయింది ఎప్పుడు? తనంతట తానే పోయిండా, ఏమన్నా పెడితే పోయిండా?" చెల్లె చెప్పంగనే ఆమె ఇంకేం మాట్లాడలేదు, 108కు ఫోన్ చేసింది. జిల్లా ఆసుపత్రిల ఎక్స్‌రే తీస్తే పేగులు గాలితో గుమ్మడికాయల్లాగ ఉన్నయి, కింద కటి దగ్గర గాలి లేదు. అక్కడి నుంచి హైదరాబాద్, నీలోఫర్.

అక్కడ ముందు చేసింది రోగం పేరు పెట్టుడు కాదు, ఒత్తిడి తగ్గించుడు. ముక్కుల నుంచి పొట్టకు సన్న పైపు, సెలైన్, యాంటీబయాటిక్, కింది నుంచి మెత్తని రబ్బరు పైపుతో గోరువెచ్చని సెలైన్ కొంచెం కొంచెం పెట్టి మళ్లీ బయటికి తీసుడు. దీన్ని వాషౌట్ అంటరు. రెండు రోజులకు కడుపు దిగింది. తర్వాత కింది నుంచి ఎక్స్‌రేలో కనపడే మందు ఎక్కించి ఫొటోలు తీసిన్రు. కింద ముక్క సన్నగ, పైన వెడల్పుగ, నడుమ గరాటు ఆకారం. పసికందుల్లో ఈ గరాటు ఒక్కోసారి స్పష్టంగ కనపడదు, పేగు ఇంకా సాగి ఉండదు కాబట్టి. అందుకే ఫొటో బాగున్నా జబ్బు లేదని చెప్పలేరట.

అసలు తేల్చేది బయాప్సీ. మలద్వారం లోపల రెండు మూడు సెంటీమీటర్ల పైన, గోడ లోపలి పొర నుంచి బియ్యపు గింజంత ముక్క తీస్తరు. చెల్లె ఏడ్చింది, పసిగుడ్డును కోస్తరా అని. డాక్టరమ్మ ఓపికగ చెప్పింది, ఆ చోట నొప్పి తెలిసే నరాలు ఉండవు, చాలాసార్లు మత్తు కూడా అక్కర్లేదని. ఆ ముక్కను మైక్రోస్కోపు కింద పెట్టి నరాల కణాలు ఉన్నయా లేవా అని వెతుకుతరు. ఒక్క కణం కనపడినా ఆ చోట జబ్బు లేనట్టే. కనపడకపోతే, ముక్క సరిపోయినంత లోతు ఉందా అని కూడా చూడాలె, లేకపోతే మళ్లీ తీయాలె. మన కాంక్రీట్ క్యూబు టెస్టు లెక్కనే, శాంపిలు సరిగా తీయకపోతే రిజల్టుకు విలువ లేదు. మావాని రిపోర్టు వచ్చింది. కణాలు లేవు.

ఈ జబ్బుకు పేరు వచ్చింది కోపెన్‌హాగెన్‌ల పిల్లల డాక్టరు హెరాల్డ్ హిర్ష్‌స్ప్రంగ్ నుంచి. 1886ల బెర్లిన్‌ల డాక్టర్ల సభలో ఇద్దరు మగపిల్లల సంగతి చెప్పిండు. ఇద్దరూ ఏడాది నిండక ముందే పోయిన్రు. వాళ్ల పెద్దపేగు ఉబ్బి గోడ మందం అయి ఉంది. ఆయన, ఆయన తర్వాత వచ్చినోళ్లు, ఉబ్బిన పేగే జబ్బు అనుకున్నరు. చాలా ఏళ్లు దాన్నే కోసిన్రు, పిల్లలు బాగుపడలేదు. 1948ల అమెరికాల స్వెన్సన్ అనే సర్జన్ సన్నగ, మంచిగ కనపడే కింది ముక్కను తీసి, పైన ఉబ్బినదాన్ని కిందికి దించి కుట్టే ఆపరేషన్ రాసిండు. పిల్లలు బతికిన్రు. సైటు మీద మనకు ఇది కొత్త కాదు. పగులు గోడకు కనపడుతది, కుంగింది పునాది. అయినా ఇది చదివినప్పుడు నాకు ఆశ్చర్యమే అయింది, 60 ఏళ్లు పట్టిందా అని.

మావానికి ఆపరేషన్ వెంటనే చేయలేదు. బరువు పెరగాలన్నరు. మూడు నెలలు చెల్లె ఇంటికాడనే రోజూ వాషౌట్ చేసింది. నర్సులు చేయి పట్టి నేర్పిన్రు, ఎంత పెట్టాలె, ఎంత బయటికి రావాలె అని రాసిచ్చిన్రు. ఒక్కటి మాత్రం గట్టిగ చెప్పిన్రు: సెలైన్ తప్ప ఉత్త నీళ్లు పెట్టొద్దు. పెద్దపేగు నీళ్లను పీల్చుకుంటది, రక్తంల ఉప్పు పలచబడి ఫిట్స్ వస్తయి. ఇది చూసి ఎవరూ ఇంట్ల సొంతంగ మొదలుపెట్టొద్దు. పేగు మరీ ఉబ్బి ఉన్న పిల్లలకో, చాలా పొడుగు భాగంల కణాలు లేనివాళ్లకో, ముందు పొట్ట మీద దారి పెట్టి కొన్ని నెలల తర్వాత అసలు ఆపరేషన్ చేస్తరు. మావానికి ఆ అవసరం రాలేదు. 5 కిలోలు దాటినంక కింది నుంచే చేసిన్రు. పొట్ట మీద కోత లేదు. ఆపరేషన్ నడుస్తుండంగనే పై నుంచి చిన్న ముక్కలు తీసి ల్యాబుకు పంపిన్రు. అక్కడ కణాలు ఉన్నయని కబురు వచ్చినంకనే కోసి కుట్టిన్రు. సుమారు జానెడు పేగు తీసేసిన్రట. ఖర్చు ఆరోగ్యశ్రీ కిందికి వచ్చింది. మా బావ ఎగ్జిట్ రీఎంట్రీ దొరికి ఆపరేషన్ ముందు రోజు రాత్రి దిగిండు.

ఆపరేషన్‌తో అంతా అయిపోయిందని చెప్తే అబద్ధం. మొదటి నెలలు రోజుకు ఎనిమిది పది సార్లు దొడ్డికి, కింద చర్మం కాలినట్టు ఎర్రగ. కుట్టిన చోటు బిగుసుకోకుండ డాక్టరు ఇచ్చిన కడ్డీతో వెడల్పు చేసుడు. అదంతా చెల్లె ఒక్కతే చేసింది, మేమిద్దరం ఇక్కడ ఓవర్‌టైమ్ చేసుకుంట. ఎనిమిదో నెలల ఒక రాత్రి జ్వరం, కడుపు ఉబ్బుడు, కుళ్లిన వాసనతో నీళ్ల విరేచనాలు. పక్కన ఉన్నోళ్లు "పళ్లు వస్తున్నయి, అందుకే విరేచనాలు" అన్నరు. చెల్లె వినలేదు, ఆసుపత్రికి పోయింది. అది పేగు వాపు, ఎంటరోకొలైటిస్ అంటరు. ఈ జబ్బుల పిల్లలు చనిపోయేది ఎక్కువగ దీనివల్లనే. ఆపరేషన్‌కు ముందు వస్తది, తర్వాత కూడ వస్తది. మామూలు విరేచనాలనుకొని ఇంట్ల ఓఆర్ఎస్ తాగిస్తుంటే గంటల్లోనే చేయి దాటిపోతది. హిర్ష్‌స్ప్రంగ్ పిల్లకు కడుపు ఉబ్బి విరేచనాలు అయితున్నయంటే ఆ రాత్రే ఆసుపత్రి. మావాడు ఐదు రోజులు ఉండి వచ్చిండు. ఇప్పుడు బడికి పోతుండు, అప్పుడప్పుడు మలబద్ధకం ఉంటది, మందు వాడతడు.

ఇంకో మాట, ఇది మన ఇండ్లల్ల అవసరం. అప్పుడు అత్తగారింట్ల చెల్లెను అన్నరు, కడుపుతో ఉన్నప్పుడు ఏం తిన్నవో అని. ఏం తిన్నా ఇది రాదు. జన్యువుల మార్పు వల్ల వస్తది, అది తండ్రి వైపు నుంచైనా రావచ్చు, కొత్తగ అయినా రావచ్చు. డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల్లో ఎక్కువ కనపడుతది. ఒక బిడ్డకు వస్తే తర్వాతి బిడ్డకు వచ్చే అవకాశం నూటికి నాలుగు దగ్గర ఉంటదని, చాలా పొడుగు భాగం ఉంటే ఇంకా ఎక్కువని చెప్పిన్రు. అందుకే చెల్లెకు రెండో కాన్పుల మేము గడియారం పెట్టుకొని కూర్చున్నం. ఆడపిల్ల, 11 గంటలకే పోయింది.

ఇక మనం ఫోన్‌ల ఏం అడగాలె. ఇక్కడికి, ఇండియాకు రెండున్నర గంటల తేడా. కాన్పు టైమ్ ఇండియా టైమ్‌లనే రాసుకోండి, లేకపోతే లెక్క తప్పుతది. "దొడ్డికి పోయిండా?" అని అడగొద్దు, "పోయిండు" అనే జవాబు వస్తది. "ఎన్ని గంటలకు పోయిండు, ఏ రంగు, ఏమన్నా పెడితే పోయిండా, తనే పోయిండా" అని అడగండి. వాంతి అయితే ఆ గుడ్డ ఫొటో పగటి వెలుతురుల తీసి పంపమనండి. కడుపు పక్క నుంచి కూడ ఒక ఫొటో. డిశ్చార్జ్ చేసేముందు బిడ్డ ఇంకా పోలేదని డాక్టరుకు నోటితో చెప్పమనండి. ఇక్కడ ఫ్యామిలీతో ఉన్నవాళ్లకు కూడ ఇదే, నార్మల్ డెలివరీ అయితే రోజులోపలే ఇంటికి పంపుతరు, తర్వాత గంటలు లెక్కపెట్టేది మీరే. అనుమానం వస్తే సౌదీ ఆరోగ్యశాఖ నంబర్ 937 రాత్రి పగలు పనిచేస్తది. పసరు కక్కితే మాత్రం ఫోన్లు పెట్టుకొని కూర్చోకండి, నేరుగ ఎమర్జెన్సీకి పోండి.

రెండు దిక్కులా పొరపాటు పడొద్దని ఇది కూడ రాస్తున్నా. ఈ జబ్బు ఉన్న పిల్లల్లో కొందరు 24 గంటల్లోపలే పోతరు. తర్వాత వారాల్లో కడుపు ఉబ్బుడు, పెడితేనే పోవుడు, బరువు పెరగకపోవుడు మొదలైతే మొదటి రోజు పోయిండు కదా అని కొట్టిపారేయొద్దు. అట్లనే తల్లిపాలు మాత్రమే తాగే బిడ్డ నెల దాటినంక ఐదారు రోజులు దొడ్డికి పోకపోయినా, కడుపు మెత్తగ ఉండి, పాలు మంచిగ తాగి, పోయినప్పుడు మెత్తగ పోతుంటే అది చాలాసార్లు మామూలే. ఆ పిల్లకు కాడలు, సబ్బులు పెట్టి సతాయించొద్దు. రెండు మూడేళ్ల వయసుల కొత్తగ మలబద్ధకం మొదలైన పిల్లగాడిది కూడ చాలా వరకు వేరే కథ. పుట్టినప్పటి నుంచే ఉంది, ఎప్పుడూ ఏదో ఒకటి పెడితేనే పోతడు అంటే మాత్రం, వయసు ఎంతైనా, పిల్లల సర్జన్ దగ్గరికి తీసుకపోయి ఈ జబ్బు పేరు చెప్పి అడగండి. పలకడం కష్టమైతే ఈ పోస్టు చూపెట్టండి: హిర్ష్‌స్ప్రంగ్.